బజ్జీ, ఇసుక, సోఫా: దిండిలో ఒక ఆఖరి రాత్రి ప్రసంగం

అమలాపురంలో ఉంటాను. పెళ్ళిళ్ళకీ, పదవీ విరమణ సభలకీ మైకు పట్టుకోవడం, మాట్లాడాల్సిన వాళ్ళకి మాటలు సరిచేసి పెట్టడం నా పని. ఎక్కువగా వచ్చేవి సన్మానాలు. వాటికి ఒక అచ్చు ఉంది, పేరూ ఊరూ మారిస్తే సరిపోతుంది. ఈసారి వచ్చింది ఆ అచ్చులో ఒదగని పని.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా మేనకోడలు హైదరాబాదు నుంచి కోనసీమ వచ్చింది. ఒక్కతే కాదు, వాళ్ళ కాలనీలో పొద్దున్నే నడకకి వెళ్ళే బృందం మొత్తం, 28 మంది. రైల్లో రాజమండ్రి దిగి, ధవళేశ్వరం, ఆత్రేయపురం చూసుకుంటూ దిండి చేరి, అక్కడే నాలుగు రాత్రులు మకాం. అంతా నడిపించింది ఒక రిటైర్డు లెక్కల మాస్టారు. మూడో రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది.

"మావయ్యా, రేపు రాత్రి ఆఖరి భోజనాల దగ్గర మాస్టారికి థాంక్స్ చెప్పే పని నామీద పెట్టారు. కాస్త సరదాగా ఉండాలన్నారు. రాసి పంపాను, చూడవా?"

వాట్సాప్‌లో ఐదు కాగితాల ఫొటోలు వచ్చాయి. చదివి వినిపించమని గడియారం పెట్టుకుంటే పదకొండు నిమిషాలు పట్టింది. మొదటి కాగితం అంతా గోదావరి వైభవం. ధవళేశ్వరం దగ్గర నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలడం, 1847లో మొదలై 1852కి పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట, అన్నీ ఉన్నాయి. తప్పు ఒక్కటీ లేదు. కానీ ఆ 28 మందికీ ఈ సంగతులు మాస్టారే బస్సులో చెప్పారు. రెండో కాగితం నుంచి నాలుగో దాకా రోజువారీగా జరిగిన తమాషాలు. ఐదో కాగితంలో కృతజ్ఞతలు: "ఎంతో శ్రమకోర్చి, నిస్వార్థంగా, మనందరినీ ఒక కుటుంబంలా..."

ఇబ్బంది ఎక్కడుందో నాకూ వెంటనే తట్టలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. తమాషాలు ఒకచోట, కృతజ్ఞత ఇంకోచోట ఉండటం ఒక లోపం, అది పైకి కనిపించేది. అసలు లోపం, జరిగినప్పుడు అక్కడే ఉన్నవాళ్ళకి జరిగింది జరిగినట్టు మళ్ళీ చెప్పడం. ఊరెళ్ళాక పక్కింటివాళ్ళకి చెబితే అది కథ. పడవలో పక్కన కూర్చున్నవాళ్ళకే "మన పడవ ఇసుకలో ఆగిపోయింది కదా" అని మూడు నిమిషాలు చెబితే అది హాజరుపట్టీ. మొదట నవ్వుతారు, తర్వాత మర్యాదకి నవ్వుతారు, ఆ తర్వాత పెరుగన్నం వైపు చూస్తారు.

అందుకని పొద్దున్నే ఫోన్ చేసి ఒక్క పని పురమాయించాను. మూడు సంఘటనలు ఎంచుకో. ఒక్కొక్కదాని గురించి ముగ్గుర్ని అడుగు. ముగ్గురూ అప్పుడు వేర్వేరు చోట్ల ఉన్నవాళ్ళయి ఉండాలి. అందరికీ తెలిసిన సంగతిలో అందరికీ తెలియని ముక్క ఒకటి దొరికేదాకా అడుగు. దొరక్కపోతే ఆ సంఘటన వదిలెయ్యి, ఎంత నవ్వొచ్చేదైనా సరే. ఆ రోజు వాళ్ళు అప్పనపల్లి వెళ్ళి రావాలి. బస్సులో అడగడానికి కావలసినంత వ్యవధి ఉంది.

ఆ మధ్యాహ్నం మూడింటికి నేను దిండి చేరేసరికి అమ్మాయి రిసార్టు ముందు కొబ్బరిచెట్టు కింద కుర్చీ వేసుకుని నోటుపుస్తకంతో కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది. "మావయ్యా, పంటు సంగతి నేను రాసింది అసలు సంగతే కాదు!"

ముందు రోజు వాళ్ళు అంతర్వేది వెళ్ళారు. దర్శనమయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసి, సఖినేటిపల్లి రేవుకి వచ్చారు. పంటు మీద అవతలి ఒడ్డుకి, నరసాపురానికి దాటాలి. బస్సు మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి నరసాపురం వస్తుంది. అక్కడ ఇద్దరు వెనకబడిపోయారు. అమ్మాయి మొదట రాసింది ఇలా ఉంది:

"నిన్న ఒక చాలా సరదా సంఘటన జరిగింది. మన మాస్టారు లెక్క తప్పడంతో తాసిల్దారు గారు, వారి శ్రీమతి గారు సఖినేటిపల్లి రేవులోనే ఉండిపోయారు. తర్వాత మాస్టారు వెళ్ళి వాళ్ళని తీసుకువచ్చారు. లెక్కల మాస్టారే లెక్క తప్పితే ఎలా అని అందరం నవ్వుకున్నాం."

ఇందులో పేలవలసిందంతా మొదటి రెండు వాక్యాల్లోనే పేలిపోయింది. సరదా సంఘటన అని ముందే చెప్పేశాక వినేవాడు నవ్వడానికి కాదు, నిజంగా సరదాగా ఉందో లేదో తూచడానికి సిద్ధపడతాడు. చివర నవ్వుకున్నాం అంటే ఇంక మనం నవ్వాల్సిన అవసరమే లేదు. పైగా నాలుగు రోజులు మోసినాయన మీద మిగిలింది ఒక తప్పు.

మరి ముగ్గుర్ని అడిగితే ఏం తెలిసింది? పంటు మీద మాస్టారి పక్కనే నిలబడ్డ పదేళ్ళ కుర్రాడు చెప్పాడు, ఆయన లెక్క తప్పలేదని, 28 సరిగ్గానే వచ్చిందని. కాకపోతే అందులో చేపల గంప ఆవిడ ఒకరు, టికెట్లు కోసే అబ్బాయి ఒకడు. నరసాపురం ఒడ్డున దిగినవాళ్ళలో ఒకావిడ చెప్పింది, మాస్టారు దిగకుండా అదే పంటు మీద వెనక్కి వెళ్ళారని. ఇక తాసిల్దారు గారి భార్యని అడిగితే అసలు ముక్క దొరికింది. వాళ్ళకి వెనకబడ్డామన్న సంగతే తెలియదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తింటూ, మిగతావాళ్ళందరూ ఎటో పోయారు, వస్తారులే అనుకుంటున్నారు. మాస్టారు రొప్పుకుంటూ వస్తే ఆయన్నే కోప్పడ్డారు.

ఇది దొరికాక రాయడం పావుగంట పని. ఇలా వచ్చింది:

"సఖినేటిపల్లి రేవులో మాస్టారు పంటు మీద 28 తలకాయలు లెక్కపెట్టారు. లెక్కల మాస్టారు కదా, లెక్క సరిపోయింది. అందులో ఒక తల టికెట్లు కోసే అబ్బాయిది. ఒకటి చేపల గంప ఆవిడది. అవతలి ఒడ్డున ఆవిడ గంపెత్తుకుని తన దారిన తను వెళ్ళిపోతుంటే మాస్టారికి గుండె ఝల్లుమంది. మనల్ని దింపేసి, ఆయన అదే పంటు మీద వెనక్కి వెళ్ళారు. అక్కడ తాసిల్దారు గారు, అమ్మగారు బల్ల మీద కూర్చుని ఉన్నారు. బజ్జీలు రెండో ప్లేటు. పరుగెత్తుకుంటూ వస్తున్న మాస్టారిని చూసి తాసిల్దారు గారు ఏమన్నారంటే... ఎక్కడ తప్పిపోయారు మాస్టారూ, ఇందాకట్నుంచీ చూస్తున్నాం!"

చివరి వాక్యం దగ్గర కాస్త ఆగుతాను, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. మనకి అలవాటుగా వచ్చే వాక్యం "ఎక్కడ తప్పిపోయారు మాస్టారూ అని తాసిల్దారు గారు అన్నారు". కాగితం మీద ఏ దోషమూ లేదు. నోటితో చెబితే మాత్రం, "మాస్టారూ" దగ్గర జనం నవ్వబోతుంటే "అని తాసిల్దారు గారు అన్నారు" అనే తోక ఆ నవ్వు మీద పడుతుంది. వినేవాళ్ళు నవ్వు మింగి తోక అయ్యేదాకా ఆగుతారు, ఆగిన నవ్వు మళ్ళీ రాదు. అందుకే అన్నదెవరో ముందుకి తెచ్చి, "ఏమన్నారంటే" అని గాలి పీల్చి, మాట చెప్పి నోరు మూసుకోవాలి. అమ్మాయి చేత ఈ ఒక్క వాక్యం ఎనిమిదిసార్లు చెప్పించాను. ఆరోసారి దాకా "అన్నారు" తనంతట తనే వచ్చేస్తూనే ఉంది.

ఇంకోటి, ఇందులో తాసిల్దారు గారి మీద నవ్వు ఉంది. ఆయన పెద్దాయన, కాస్త ముక్కోపి. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: ఆ కథ ఆయనే నలుగురిలో చెప్పుకుంటాడా? అప్పనపల్లిలో ఆయన రెండుసార్లు తనే చెప్పి నవ్వాడట. అయితే చెప్పొచ్చు. "వచ్చారు, అన్నారు" అని క్రియలన్నీ గౌరవంగానే ఉంచాం. వేళాకోళం చేస్తూ గౌరవం తగ్గిస్తే అది ఎగతాళి అవుతుంది. గౌరవం తగ్గకపోతే ఆ పెద్దరికమే నవ్వుకి రుచి పెంచుతుంది.

ఈ పరీక్షలో నిలవనిది పులస కథ. అమ్మాయి రాసినవాటిలో అన్నిటికన్నా నవ్వొచ్చేది అదే, తీసేయడానికి బాగా గింజుకుంది. బృందంలో ఒకాయన పుస్తెలమ్మైనా పులస తినాలంటారని దారంతా ఊదరగొట్టి, ఒకచోట అడిగి మరీ వండించుకున్నాడు. పులస వరద నీటికి ఎదురీదుతూ వచ్చే చేప, వానాకాలం వరదల్లోనే దొరుకుతుంది. జనవరిలో ఆయన తిన్నది ఏమిటో ఆ వండినవాళ్ళకే తెలియాలి. బిల్లు మాత్రం పులసకే వేశారు. అయితే ఆ బిల్లు బృందం ఖర్చులో కలపాలా, ఆయన సొంతమా అన్నది ఇంకా తేలలేదు. వాళ్ళావిడ రెండు రోజులుగా మాట్లాడటం లేదు. డబ్బు తేలని సంగతి మీద ఆఖరి రాత్రి నవ్వకూడదు. ఒక ఏడాది పోయాక ఆయనే చెబుతాడు, అప్పుడు నవ్వుకోవచ్చు.

పడవ రేవు మెట్ల మీద జారి కాలు బెణికినావిడ సంగతి కూడా తీసేశాం. ఆవిడ ఇంకా కుంటుతోంది.

పడవ కథకి కావలసింది వేరే రకంగా దొరికింది. రెండో రోజు హౌస్‌బోటులో వెళ్తుంటే అది ఇసుక మేట మీద ఎక్కి ఆగిపోయింది. దిండి దగ్గర వసిష్ఠలో సముద్రపు పోటు, పాటు తెలుస్తాయి. పాటు మీద నీరు తీసేసే వేళ అడుగు తగిలింది. సరంగు కాసేపు గడకర్రతో నెట్టి చూసి, "పోటు రావాలండి, అప్పటిదాకా కదలదు" అని బీడీ ముట్టించాడు. గంట సేపు అక్కడే. ఇది అందరికీ తెలుసు. ముగ్గుర్ని అడిగినా కొత్త ముక్క రాలేదు. నా లెక్క ప్రకారం వదిలెయ్యాలి.

అప్పుడు అమ్మాయి బస్సులో మాస్టారి సీటు పక్కన పడేసి ఉన్న కార్యక్రమ పత్రం తెచ్చి చూపించింది. రోజువారీ పట్టీ, గంటల ప్రకారం టైపు చేసింది. రెండో రోజు గడిలో 11.30కి, 12.30కి మధ్య పెన్నుతో చిన్న అక్షరాల్లో ఇరికించి రాసి ఉంది: "ఇసుక మేట సందర్శన." మనిషి పడవలో కూర్చుని, 27 మంది సణుగుతుంటే, తన పట్టీ సరిచేసుకున్నాడు. ఇక ఆ కథకి మాటలే అక్కర్లేదు. పడవ అని ఒక్కసారి అని, మడత విప్పి, ఆ ఒక్క పంక్తి చదివి, కాగితం మళ్ళీ మడిచి సంచీలో పెట్టుకోమన్నాను. సరంగు మాటని గోదావరి యాసలో "ఆయ్" అంటూ చెబుతానంది. వద్దన్నాను. వడ్డించేవాళ్ళు, పడవవాళ్ళు అక్కడే నిలబడి వింటారు. హైదరాబాదు నోట్లో మన "ఆయ్" ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు.

మూడోది కృతజ్ఞత. ఇక్కడ అమ్మాయి రాసిన "నిస్వార్థంగా" లాంటివన్నీ కొట్టేసి, వాటి బదులు మాస్టారు చేసిన పని ఒకటి, ఎవరూ చూడనిది, కావాలన్నాను. అది రిసార్టు రాత్రి కాపలా మనిషి దగ్గర దొరికింది. మొదటి రాత్రి ఒక గది తక్కువ పడిందట. మాస్టారు ఎవరికీ చెప్పకుండా తన గది తాళం వేరేవాళ్ళకి ఇచ్చేసి రిసెప్షన్ సోఫా మీద పడుకున్నారు. పొద్దున్నే లేచి "నేను వాకింగ్ కూడా చేసొచ్చాను, మీరింకా లేవలేదా" అని అందరి తలుపులూ తట్టారు. ఇది విన్నాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. దీన్ని చివర పెట్టాం. అప్పటికప్పుడు తెలిస్తేనే బాగుంటుందని ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ నేను చేసిన తప్పు తర్వాత తెలిసింది.

ఇక వేళ. భోజనాలు ఎనిమిదింటికి, ఏటి ఒడ్డున పచ్చిక మీద బఫే. భోజనానికి ముందు మాట్లాడితే షుగరు మాత్రలు వేసుకున్న పెద్దవాళ్ళు ఓపిక పట్టలేరు. అయ్యాక మాట్లాడితే సగం మంది సామాన్లు సర్దుకోడానికి గదుల్లోకి జారుకుంటారు, పొద్దున్నే ప్రయాణం. అందుకని రెండో విడత వడ్డించుకుని అందరూ కూర్చున్నాక, తీపికి ముందు అనుకున్నాం. ఆత్రేయపురంలో కొన్న పూతరేకుల పెట్టెలు రెండు విప్పకుండా ఉన్నాయి. వంటవాళ్ళకి చెప్పి అవి లోపలే ఉంచేశాం. తీపి రాకుండా మన జనం లేవరు. బస్సు డ్రైవరు ఎప్పుడూ అందరూ తిన్నాక విడిగా తింటున్నాడట. ఆయన్ని ముందే పిలిచి కూర్చోబెట్టమన్నాను. లేని మనిషికి థాంక్స్ చెబితే అది లెక్క కోసం చెప్పినట్టుంటుంది.

మైకు వద్దనుకున్నాం, 28 మందికి గొంతు చాలు. అమ్మాయి ఏటిని వెనక పెట్టుకుని నిలబడబోయింది, ఫొటోకి బాగుంటుందని. ఆ చీకట్లో మొహం కనపడదు. దీపస్తంభం కిందకి జరిపాను. చేతిలో ఐదు కాగితాలు పోయి పోస్టుకార్డంత అట్టముక్క మిగిలింది. దాని మీద మూడే మాటలు: బజ్జీ, ఇసుక, సోఫా.

"బజ్జీ" బాగా పేలింది. నాలుగున్నర నిమిషాలని లెక్కేసుకున్నది మొత్తం ఏడు నిమిషాలు పట్టింది. ఎక్కువైందంతా నవ్వులే. తాసిల్దారు గారు మధ్యలో లేచి "రెండో ప్లేటు కాదు, మూడోది" అని సరిదిద్దారు. ఇసుక మేట సందర్శన చదవగానే పడవవాళ్ళూ నవ్వారు. డ్రైవరుకి చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారు, ఆయన చెయ్యి కడుక్కోడానికి వెళ్ళినట్టు అటు తిరిగిపోయాడు.

తర్వాత సోఫా. అమ్మాయి గొంతు తగ్గించి, మొదటి రాత్రి గది తక్కువ పడిన సంగతి, తాళం సంగతి, పొద్దున్నే వాకింగ్ సంగతి చెప్పింది. మొత్తం నిశ్శబ్దం. ఏటి మీద ఎక్కడో ఇంజను పడవ చప్పుడు. మేం కోరుకున్నది సరిగ్గా అదే. ఆ నిశ్శబ్దంలో వెనక బల్ల నుంచి ఒకావిడ గట్టిగా అడిగింది, "మరి మాస్టారి భార్య ఎక్కడ పడుకున్నారమ్మా?"

నా గుండెలో రాయి పడింది. నిజమే, ఆవిడ కూడా వచ్చారు. గది ఇద్దరిదీ. ముగ్గుర్ని అడగమని నియమం పెట్టినవాణ్ణి, చివరి ముక్క దగ్గర గుట్టు కోసం ఒక్క కాపలా మనిషి మాటే పట్టుకున్నాను. అతను నిలబడే చోటు నుంచి ఒక సోఫాయే కనపడుతుంది, రెండోది స్తంభం వెనక ఉంది. వినేవాళ్ళ బుర్రలో మొట్టమొదట పుట్టే ప్రశ్న మాకిద్దరికీ పుట్టలేదు. అమ్మాయి నావైపు చూసింది. అట్టముక్కలో జవాబు లేదు.

మాస్టారే ఆదుకున్నారు. కూర్చున్నచోటి నుంచే, "ఎదుటి సోఫాలో. గురక నాది కాదు, కాపలా ఆయన్ని అడగండి" అన్నారు. పచ్చికంతా నవ్వు. ఆ నవ్వులో పూతరేకులు వచ్చేశాయి, అమ్మాయి గబగబా నమస్కారం పెట్టేసి కూర్చుంది. చివరికి రాసుకున్న రెండు వాక్యాలు చెప్పనేలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

తర్వాత అమ్మాయిని వెంటబెట్టుకుని మాస్టారి భార్య కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదని చెప్పాను. ఆవిడ పూతరేకు కాగితం విప్పుకుంటూ అమ్మాయి వైపు చూసి అంది:

"ఈసారి ఎక్కడైనా చెబితే ఇది కూడా చెప్పమ్మా. దుప్పటి ఒక్కటే ఉంది. అది ఆయనకే ఇచ్చాను."